చివరి బిల్లు మొదటి రోజే

ఇల్లు కట్టించేవాళ్లు మేస్త్రీతో రేటు దగ్గర గంటలకొద్దీ బేరమాడతారు. మేస్త్రీ అడుగుకు నాలుగొందలంటాడు, ఇంటాయన మూడొందలంటాడు, మధ్యలో ఎవరో పెద్దమనిషి కల్పించుకుంటే మూడొందల యాభైకి తెగుతుంది. వెంటనే మంచిరోజు చూసి చేతిలో అడ్వాన్సు పెట్టేస్తారు. ఆ మూడొందల యాభైని ఎన్ని అడుగులతో గుణించాలన్నది మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. అది ఇద్దరికీ తెలిసిందే అనుకుంటారు. తెలిసిందే, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కోలా.

ఒక లెక్క చూద్దాం. రేట్లు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ఇవి కేవలం ఉదాహరణకు. సామాను ఇంటాయనది, పని మేస్త్రీది. గోడల బయటి కొలత ప్రకారం ఇల్లు 30 అడుగులు, 30 అడుగులు. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. ఇంటాయన మనసులో ఉన్నది అంతస్తుకు 900 చొప్పున 1,800 అడుగులు, అంటే 6,30,000 రూపాయలు. మేస్త్రీ లెక్క గోడలతో ఆగదు. ఆయన పోసేది స్లాబు, కొలిచేదీ స్లాబే. ముందువైపు 3 అడుగుల బాల్కనీ ఉంటే అంతస్తుకు మరో 90 అడుగులు కలుస్తాయి. డాబా మీదికి వెళ్లే మెట్లపైన కట్టే గది ఇంకో 100. మొత్తం 2,080 అడుగులు, 7,28,000 రూపాయలు. తేడా 98,000. ఇందులో మోసమేమీ లేదు. ఆ ఊళ్లో మేస్త్రీలు అలాగే కొలుస్తుంటే ఆయన అడిగేది న్యాయమే, గోడలే ఇల్లనుకున్న యజమాని బాధా న్యాయమే. ఈ తేడా బయటపడేది రెండో స్లాబు పడ్డాక. అప్పటికి మేస్త్రీ తన మనుషులకు కూలి చెల్లించేసి ఉంటాడు, యజమాని బ్యాంకు లోను ఆఖరి విడతలో ఉంటాడు. తగ్గడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగలదు.

అందుకే రేటు కుదిరిన రోజే చివరి బిల్లు వేయించుకోవాలి. ప్లాను కాగితం ముందు పెట్టి, "మేస్త్రీ గారూ, ఇల్లు పూర్తయిపోయిందనుకోండి. నాకిప్పుడు బిల్లు రాసివ్వండి" అనాలి. అంతా అర్థమైందా అని అడిగితే అర్థమైందండీ అనే అంటారు, మర్యాదకో మొహమాటానికో. బిల్లు రాయమంటే అలా తప్పించుకోవడం కుదరదు. స్లాబు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారో, సెంట్రింగ్ చెక్కలూ ఇనుప రేకులూ ఎవరు తెస్తారో, నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ అదే రేటులో ఉన్నాయో లేవో అన్నీ ఆ కాగితం మీదికి వస్తాయి. "ప్రహరీ విడిగా అండీ, రన్నింగ్ అడుగు లెక్క" అని అప్పుడంటాడు. ఆ మాట ఆ రోజు వింటే మళ్లీ బేరమాడొచ్చు. ఆరు నెలల తర్వాత వింటే అది తగవు. యజమాని కూడా ఇలాగే తన వంతు చెప్పాలి: ఏ దశకు ఎంత ఇస్తాడో, ఇసుక ఆలస్యమై కూలీలు ఖాళీగా కూర్చుంటే ఆ రోజు కూలి ఎవరిదో.

మన పాత దస్తావేజుల్లో చివర "చదివి వినిపించగా విని" అన్న వాక్యం ఉంటుంది. దాన్ని నిజంగా పాటించేవాళ్లు తక్కువ. మేస్త్రీకి చదువు అంతగా రాకపోతే కాగితాన్ని ఆయన తరఫు మనిషితోనే చదివించాలి. రాసిన భాష కూడా పనిచోట మాట్లాడుకునేదే కావాలి. ప్లీడరు గుమాస్తా దగ్గర దొరికే అచ్చు కాగితంలో ఖాళీలు నింపి సంతకాలు చేయడం మరీ ప్రమాదం. నోటిమాట ఒప్పందం కూడా చట్టప్రకారం చెల్లుతుంది. కానీ షరతులు ఒకసారి కాగితం మీద పెట్టాక, అందులో ఉన్నదానికి విరుద్ధంగా "మేం నోటితో ఇలా అనుకున్నాం" అంటే కోర్టు సాధారణంగా వినదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ, దానికి ముందున్న 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ ఈ నియమం ఉంది. కాబట్టి తప్పుగా రాసుకున్న కాగితం, అసలు రాసుకోని మాటకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టగలదు. స్టాంపు పేపరు కొని ఆరు నెలలు దాటితే చెల్లదన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. ఆ గడువు వాడని స్టాంపుకు డబ్బు వాపసు అడగడానికేనని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

ఇక డబ్బు. ఇచ్చిన సొమ్ము ఎప్పుడూ జరిగిన పనికన్నా కొంచెం వెనకే ఉండాలన్నది యజమాని వైపు సూత్రం. మరీ వెనక ఉంచితే మాత్రం పని ఆగుతుంది. శనివారం వచ్చేసరికి మేస్త్రీ కూలీల చేతిలో డబ్బు పెట్టాలి. లేకపోతే సోమవారం వాళ్లు ఇంకో సైటులో ఉంటారు. దీనికి కుదిరే దారి ఒకటుంది. ప్రతి శనివారం కూలికి సరిపడా ఖర్చుకింద ఇస్తూ, బేస్‌మెంట్, ఒక్కో స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్ పూర్తయినప్పుడల్లా కూర్చుని లెక్క సరిచూసుకోవడం. పై ఉదాహరణలో గోడల పని పూర్తయ్యేసరికి ఇంత, ప్లాస్టరింగ్‌కు ఇంత అని మొత్తాలు ముందే రాసి ఉంటే శనివారం ఇచ్చినవి అందులోంచి తగ్గుతాయి. చివర ఐదు శాతం, అంటే 36,400 రూపాయలు, మొదటి వానాకాలం చూసేదాకా ఆపుకుంటే మంచిది. మేస్త్రీ దీనికి సులువుగా ఒప్పుకోడు. ఏ తేదీకి, ఏం చూశాక ఇస్తారో స్పష్టంగా రాస్తే ఒప్పుకుంటాడు. "అంతా బాగుంటే ఇస్తాను" అంటే ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

సైటులో ఒకే పుస్తకం ఉండాలి. శనివారం ఇచ్చిన డబ్బు, ఆ వారం జరిగిన పని, ఇద్దరి సంతకాలు అందులోనే. ఒప్పందాలను ఎక్కువగా చెడగొట్టేది పెద్ద మోసాలు కాదు, మధ్యలో చేరే చిన్న పనులు. ఇంటావిడ వచ్చి "ఇక్కడో అటక వేయండి, పూజగది గోడ అటు జరపండి" అంటుంది. మేస్త్రీ సరేనమ్మా అంటాడు. ఆమె దాన్ని అభిమానం అనుకుంటుంది, ఆయన ఎక్స్‌ట్రా కింద మనసులో రాసుకుంటాడు. పని మొదలుపెట్టకముందే పుస్తకంలో ఒక వరుస, పక్కన రేటు రాస్తే చాలు. పుస్తకం దగ్గర లేకపోతే ఇద్దరూ ఉన్న వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, "సరే" అన్న జవాబు వచ్చాకే తాపీ పట్టాలి.

కొలతలూ కనిపిస్తున్నప్పుడే తీయాలి. స్లాబు కొలత సెంట్రింగ్ విప్పగానే ఇద్దరూ టేపు పట్టి తీసుకోవాలి. ఇనుము కాంక్రీటు పోయకముందే లెక్కపెట్టి ఫోటో తీయాలి. బాత్రూం నేలకు టైల్స్ వేసేముందు ఒక రోజంతా నీళ్లు నిలిపి కింది గది సీలింగు చూడాలి. స్లాబు తడిపే పని కూడా ఫలానావాళ్లదని రాయాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ కలిసిన పీపీసీకి, ఎండాకాలంలోనూ 10 రోజులు తడపాలి. మేస్త్రీ యజమాని చూసుకుంటాడనుకుంటాడు, యజమాని మేస్త్రీ మనిషి ఉన్నాడనుకుంటాడు, స్లాబు ఎండుతుంది.

తేదీల విషయంలో క్యాలెండరుకన్నా వరుస నయం. సంక్రాంతికి ఊరెళ్లిన కూలీలు ఎప్పుడు తిరిగొస్తారో మేస్త్రీకే తెలియదు. "సామాను సైటుకు చేరిన ఇన్ని రోజుల్లో" అని రాస్తే ఆలస్యం ఎవరివల్లో తేలుతుంది. తేలకపోతే ఎవరు చెప్పింది వినాలో, ఇద్దరికీ సమ్మతమైన ఒక ఇంజినీరు పేరు ముందే రాసుకోవాలి, ఆయన ఫీజు సగం సగం. లక్ష రూపాయల తగవు కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళితే కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కాకపోతే దానికి ఇద్దరూ ఒప్పుకోవాలి.

వాన వెలిశాక డాబా చూసి, ఆపిన సొమ్ము ఇచ్చేటప్పుడు ఒక చెల్లు కాగితం రాసుకోవాలి. మొత్తం ఇంత, ఎక్స్‌ట్రాలు ఇంత, ముట్టింది ఇంత, ఇకపై బాకీ లేదు అని మేస్త్రీ సంతకం చేయాలి. ఆ కాగితం రెండు ప్రతులు రాయించి ఒకటి ఆయనకివ్వాలి. అప్పటిదాకా కొత్తింటి తాళంచెవులు మీ దగ్గరున్నా, సైటు పుస్తకం మాత్రం పారేయకండి.