పెద్ద సీసా ఎప్పుడు ఖరీదవుతుంది?

విటమిన్ సి సీరం రెండు సైజుల్లో దొరుకుతోందనుకుందాం. 15 మి.లీ. సీసా 390 రూపాయలు, 30 మి.లీ. సీసా 600. చిన్నదానిలో మిల్లీలీటరుకు 26 రూపాయలు, పెద్దదానిలో 20 పడుతుంది. ఈ భాగహారం మనం చేయనక్కర్లేదు. మన దేశంలో ప్యాక్ మీద ఎమ్మార్పీతో పాటు ‘యూనిట్ సేల్ ప్రైస్’ కూడా వేయాలన్న నిబంధన ఉంది. దాన్ని చూస్తే పెద్దదే లాభం అనిపిస్తుంది.

కానీ ఈ సీరంలో ఉండే ఆస్కార్బిక్ ఆమ్లం గాలి తగిలితే పాడవుతుంది. మూత తీసినప్పటి నుంచీ రంగు ముదురుతూ వస్తుంది. గోధుమ రంగుకు తిరిగాక అది వాడి ప్రయోజనం లేదు. తెరిచాక ఎన్ని నెలల్లో వాడేయాలో చాలా సీసాల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మలో ఉంటుంది. 3M అంటే మూడు నెలలు.

ఇప్పుడు చుక్కల లెక్క చూద్దాం. డ్రాపర్‌తో సుమారు ఇరవై చుక్కలు వేస్తే ఒక మిల్లీలీటరు. రోజుకు నాలుగు చుక్కలు, అంటే 0.2 మి.లీ. వాడితే 90 రోజులకు 18 మి.లీ. చాలు. పెద్ద సీసాలో మిగిలిన 12 మి.లీ. పారబోయాల్సిందే. 600 రూపాయలను 90తో భాగిస్తే పూటకు దాదాపు 6 రూపాయల 70 పైసలు. చిన్న సీసా 75 రోజుల్లో పూర్తిగా ఖాళీ అవుతుంది కాబట్టి పూటకు 5 రూపాయల 20 పైసలే. అదే ఇంట్లో ఇద్దరు వాడితే పెద్ద సీసా కూడా 75 రోజుల్లో అయిపోతుంది, పూటకు 4 రూపాయలే పడుతుంది. అందుకే సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాసుకోవాలి. రెండోసారి ఏ సైజు కొనాలో ఆ తేదీయే చెబుతుంది.

గిఫ్ట్ ప్యాకుల్లో మోసపోయే చోటు వేరు. ఫేస్‌వాష్ 50, టోనర్ 50, మాయిశ్చరైజర్ 30, సీరం 10 మి.లీ. కలిపి 799 రూపాయలు అనుకోండి. మొత్తం 140 మి.లీ. కనుక మిల్లీలీటరుకు ఆరు రూపాయలు కూడా పడలేదని సంతోషిస్తాం. కడిగేసుకునే ఫేస్‌వాష్‌నూ సీరంనూ ఒకే కొలతలో కలపడం తప్పు. మీరు మామూలుగా కొనే సైజు ధరతో ఒక్కోదానికీ విలువ కట్టండి. ఫేస్‌వాష్ మిల్లీలీటరు 3 చొప్పున 150, మాయిశ్చరైజర్ 4 చొప్పున 120, సీరం 20 చొప్పున 200. టోనర్ వాడే అలవాటు లేకపోతే దానికి సున్నా. మీకు అందేది 470 రూపాయల సరుకే. అట్ట మీద ‘అసలు విలువ’ అని వేసే అంకె తరచూ చిన్న సైజుల ధరలు కూడి చెప్పేది, దాన్ని పట్టించుకోవద్దు.

చర్మానికి పడుతుందో లేదో తెలియని కొత్త సరుకైతే మాత్రం 10 మి.లీ. సీసా మిల్లీలీటరుకు ఎక్కువ పడినా కొనొచ్చు. పడకపోతే పోయేది ఆ చిన్న సీసా ధరే.