టమాటా ధర, కోడిమాంసం భయం: డిమాండ్ రేఖ చెప్పే రెండు కథలు

2023 జులైలో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. కొన్నిచోట్ల 200కి కూడా చేరింది. వంటింట్లో టమాటా వాడకం తగ్గిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. జనం చికెన్ కొనడం తగ్గించారు. రెండుసార్లూ 'గిరాకీ పడిపోయింది' అనే అన్నాం. అర్థశాస్త్రం మాత్రం ఈ రెంటినీ ఒకే గాటన కట్టదు.

మొదట టమాటా సంగతి. కిలో 20 రూపాయలున్నప్పుడు ఒక ఇంట్లో వారానికి 4 కిలోలు కొంటారనుకుందాం. 40 అయితే 3 కిలోలు, 80 అయితే కిలోన్నర, 150 అయితే అరకిలో. నిలువు గీత మీద ధరను, అడ్డగీత మీద కిలోలను గుర్తించి ఈ నాలుగు చుక్కలనూ కలిపితే ఎడమ నుంచి కుడికి కిందికి దిగే గీత వస్తుంది. అదే డిమాండ్ రేఖ.

అది కిందికే ఎందుకు వాలుతుంది? మొదటి అరకిలో పప్పులోకి, చారులోకి పోతుంది. అది లేకపోతే ఇబ్బందే. రెండో కిలో కూరకు, మూడోది పచ్చడికి. నాలుగో కిలో చవకగా ఉంది కాబట్టి సంచిలో పడుతుంది. కొనేకొద్దీ అదనపు కిలో అవసరం పలచబడుతుంది కనుక, దానికి ఇవ్వదలచిన ధర కూడా తగ్గుతుంది. ఇది ఒక కారణం.

టమాటా ప్రియమైతే పులుపు కోసం చింతపండు ఉంది. ధర పెరిగిన సరుకును వదిలి దాని పని చేసే మరో సరుకు వైపు మళ్లడం రెండో కారణం. మూడోది జేబు. ఆ ఇంటివారు 150 రూపాయల ధరకూ 4 కిలోలే కొనాలంటే 80 రూపాయలయ్యే ఖర్చు 600 అవుతుంది. జీతం మారకపోయినా 520 రూపాయల మేర పేదవాళ్లయినట్టే. ఏదో ఒకటి తగ్గించుకోక తప్పదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. టమాటా మీద ఇష్టం పోలేదు, జీతం మారలేదు, ఇంట్లో మనుషులు తగ్గలేదు. పంట దెబ్బతిని ధర పెరిగింది, అంతే. 4 కిలోల చుక్క దగ్గర ఉన్న ఇల్లు అదే గీత మీద పైకి జరిగి అరకిలో చుక్క దగ్గరికి చేరింది. గీత కదల్లేదు. ధర దిగితే ఆ ఇల్లు కూడా అదే గీత మీద కిందికి వస్తుంది. దీన్ని రేఖ వెంబడి కదలిక అంటారు. తగ్గింది కొనే పరిమాణమే, డిమాండ్ కాదు.

చికెన్ కథ వేరు. ఒక దుకాణంలో ఆదివారం కిలో 240 చొప్పున 100 కిలోలు అమ్ముడయ్యేవనుకుందాం. 180కి ఇస్తే 130 కిలోలు పోయేవి. బర్డ్ ఫ్లూ వార్త వచ్చిన వారం అదే 240కి 40 కిలోలే పోయాయి. ధర మారలేదు, కొనేవాళ్ల మనసు మారింది. ప్రతి ధర దగ్గరా కొనుగోలు తగ్గిందంటే గీత మొత్తంగా ఎడమకు జరిగినట్టు. ఇదే రేఖ బదిలీ.

పెరిగిన కోడిని ఫారంలో ఎక్కువ రోజులు ఉంచలేరు, రోజూ మేత ఖర్చు. అందుకని వ్యాపారి 180కి దించాడు. అప్పుడు 60 కిలోలు పోయాయి. 40 నుంచి 60కి పెరగడం కొత్త గీత వెంబడి కదలిక. కానీ పాత గీత మీద ఇదే ధరకు 130 పోయేవి కదా! 'ధర తగ్గినా అమ్మకాలు తగ్గాయి, డిమాండ్ సూత్రం తప్పు' అనేవాళ్లు ఈ రెండు కదలికలనూ కలిపేస్తున్నారు. సూత్రం కొత్త గీత మీద కూడా పనిచేసింది. గీతే చోటు మారింది.

భయమే కాదు, ఆదాయం, అలవాట్లు, కార్తీకమాసం లాంటి ఆచారాలు, ప్రత్యామ్నాయాల ధరలు, రేపటి ధర మీద అంచనా కూడా గీతను జరుపుతాయి. చికెన్ మానినవాళ్లు చేపలు, మటన్ వైపు వెళితే వాటి గీతలు కుడికి జరుగుతాయి.

సంతలో గీతలు కనిపించవు కనుక గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు. ధర పెరిగి అమ్మకాలు తగ్గితే, సరఫరా తగ్గిందని ముందుగా అనుమానించాలి. ధర, అమ్మకాలు రెండూ కలిసి పడినా, కలిసి పెరిగినా డిమాండ్ రేఖే జరిగిందని అనుమానించాలి. రెండు రేఖలూ ఒకేసారి కదిలితే ఈ ఆనవాలు ఒక్కటే చాలదు.

మందు కూడా దాన్నిబట్టే ఉంటుంది. టమాటాకు కావలసింది సరుకు. సరుకు వస్తే ధర దిగుతుంది, జనం వాళ్లంతట వాళ్లే కొంటారు. చికెన్‌కు కావలసింది నమ్మకం. అందుకే అప్పట్లో కోళ్ల వ్యాపారులు చికెన్ మేళాలు పెట్టి, బాగా ఉడికించి తింటే ప్రమాదం లేదని చెప్పారు. ధర ఎంత తగ్గించినా వ్యాపారి కొత్త గీత మీదే తిరుగుతాడు. ఆ గీతను వెనక్కి తేవాలంటే పోగొట్టాల్సింది భయాన్నే.