మెరుపులను మింగే మలినం

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అక్కడినుంచి కొద్ది దూరం దక్షిణంగా వెళితే మహేశ్వరం వస్తుంది. ఎర్రనేలలు, గ్రానైటు బండలు, ఎటు చూసినా బోరుబావులు. ఇక్కడ 53 చదరపు కిలోమీటర్ల నీటి పరీవాహక ప్రాంతాన్ని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) ఏళ్ల తరబడి పరిశీలిస్తూ వచ్చింది. 1999లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి ఏర్పాటు చేసిన భూగర్భజల పరిశోధన కేంద్రానికి ఇదే ముఖ్యమైన ప్రయోగక్షేత్రం.

అక్కడి ప్రశ్న వినడానికి చాలా తేలిక. వానాకాలంలో పడిన నీటిలో బోరుబావుల దాకా దిగేది ఎంత? కొంత వాగుల్లో పారిపోతుంది, కొంత ఆవిరవుతుంది, కొంత మొక్కలు పీల్చుకుంటాయి. మిగిలినదే భూమిలోకి దిగుతుంది. అంతకు మించి తోడితే బోర్లు ఎండిపోతాయి. కాని మట్టి లోపల దిగుతున్న నీటిని కొలవడం ఎలా?

నీటికి గుర్తు పెట్టడం

ఇందుకు ట్రిటియం సాయపడుతుంది. ట్రిటియం అంటే హైడ్రోజనుకు బరువైన ఐసోటోపు. మామూలు హైడ్రోజను కేంద్రకంలో ఒక ప్రోటాను మాత్రమే ఉంటుంది. ట్రిటియంలో దానితోపాటు రెండు న్యూట్రానులుంటాయి. ఇది రేడియోధార్మిక పదార్థం. దీని అర్ధాయువు సుమారు 12.3 సంవత్సరాలు. ట్రిటియం ఉన్న నీరు కూడా నీరే కాబట్టి, మట్టిలో మామూలు నీటితో కలిసి ఒకే దారిన దిగుతుంది.

వానలకు ముందు నేలలో ఒక లోతున, ఉదాహరణకు 60 సెంటీమీటర్ల దగ్గర, కొద్ది మిల్లీలీటర్ల ట్రిటియం నీటిని సన్నని రంధ్రాల ద్వారా ఎక్కిస్తారు. వానాకాలంలో పైనుంచి దిగే కొత్త నీరు, గుర్తు పెట్టిన పొరను కిందికి నెడుతుంది. వానలు ముగిశాక అదే చోట మట్టిని పొరలు పొరలుగా తవ్వి తీస్తారు. ప్రతి పొరలోని తేమను కొలుస్తారు. ఆ తేమను శూన్యంలో స్వేదనం చేసి నీటిగా పట్టుకుంటారు. ఏ పొర నీటిలో ట్రిటియం ఎక్కువగా ఉందో చూస్తే గుర్తు ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. దిగిన దూరాన్ని మట్టిలోని తేమ భాగంతో గుణిస్తే భూమిలోకి చేరిన నీటి మట్టం వస్తుంది. కరీంనగర్ వైపు దిగువ మానేరు పరీవాహక ప్రాంతంలో అథవాలె, మూర్తి, చాంద్ అనే శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని ఉపయోగించి 1980లో ఫలితాలు ప్రకటించారు. మహేశ్వరంలోనూ ఎన్.జి.ఆర్.ఐ. వారు ఇదే పద్ధతి వాడారు.

ఇక మిగిలింది ఒక్క పని: ఆ నీటిలో ట్రిటియం ఎంతుందో లెక్కపెట్టడం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

గాలిని కూడా దాటలేని కణం

ట్రిటియం కేంద్రకం విచ్ఛిన్నమైనప్పుడు ఒక ఎలక్ట్రాను బయటికి దూసుకొస్తుంది. దానినే బీటా కణం అంటాం. దీని శక్తి చాలా తక్కువ. సగటున 5.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఈ కణం గాలిలో ఎంత దూరం పోయినా ఆరు మిల్లీమీటర్లకు మించి పోలేదు. నీటిలోనైతే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఆరు దాటేలోపే ఆగిపోతుంది. కనుక గైగర్ గొట్టం ఎంత దగ్గరగా పెట్టినా దాని మూతను ఈ కణం దాటి లోపలికి పోలేదు.

కణం కొలిచే పరికరం దగ్గరికి రాలేకపోతే, కొలిచే పదార్థాన్నే కణం చుట్టూ పోయాలి. 1950లో కాల్‌మన్, రేనాల్డ్స్ వేరువేరుగా చేసిన ప్రయోగాలలో ఈ దారి తెరుచుకుంది. కొన్ని కర్బన ద్రవాల్లో రేడియోధార్మిక కణం దూసుకుపోతే కాంతి పుడుతుందని వారు చూపారు. ఇలా మెరిసే ద్రవాన్ని సింటిలేటరు అంటారు. మన నీటి నమూనాను ఒక చిన్న సీసాలో ఈ ద్రవంతో కలిపేస్తే చాలు. ప్రతి ట్రిటియం పరమాణువు చుట్టూ కొలిచే పదార్థమే ఉంటుంది.

ఇటుకలు అందించే వరుస

ఆ సీసాలో జరిగేది ఇది. ద్రవంలో ఎక్కువ భాగం టోలుయీన్ వంటి ద్రావణి. బీటా కణం తన శక్తిని ముందు ద్రావణి అణువులకు ఇస్తుంది. కాని ద్రావణి తాను పనికొచ్చే కాంతినివ్వదు. ఆ శక్తిని పక్కనున్న అణువుకు, అది మరో అణువుకు అందిస్తుంది. చివరికి శక్తి, ద్రవంలో కొద్దిగా కరిగించిన పి.పి.ఓ. అనే పదార్థపు అణువును చేరుతుంది. ఆ అణువు మెరుస్తుంది. ఇల్లు కట్టేచోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చి మేడపైకి అందించడం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. శక్తి అనే ఇటుక చేతులు మారుతూ పోతుంది. పైనున్న మేస్త్రి పి.పి.ఓ.

ఈ మెరుపు మన కంటికి కనిపించేది కాదు. సీసాకు రెండువైపులా చీకట్లో రెండు ఫోటోమల్టిప్లయర్ గొట్టాలుంటాయి. కాంతి కణం తగిలితే గొట్టంలో ఒక ఎలక్ట్రాను ఊడిపడుతుంది. గొట్టం దానిని లక్షల రెట్లు పెంచి విద్యుత్ స్పందనగా మారుస్తుంది. అయితే వేడివల్ల కాంతి లేకపోయినా గొట్టంలో ఎలక్ట్రానులు ఊడుతూనే ఉంటాయి. ఈ దొంగ లెక్కలు రాకుండా ఒక నియమం పెట్టారు. రెండు గొట్టాలూ ఒకే క్షణంలో కాంతిని చూస్తేనే యంత్రం ‘ఒకటి’ అని లెక్కవేస్తుంది.

వరుసలో చేరిన అల్లరివాడు

ఇప్పుడు నమూనాలో కొంచెం ఎసిటోన్ కలిసిందనుకుందాం. దాని అణువులు కూలీల వరుస మధ్యలో దూరిన అల్లరివాళ్లలాంటివి. ఇటుక అందుకుంటాయి, కాని పక్కవాడికి ఇవ్వకుండా కింద పడేస్తాయి. అంటే శక్తి వెలుగుగా మారకుండా కాస్త వేడిగా మారి పోతుంది. దీనినే రసాయన క్వెంచింగ్ అంటారు. క్వెంచింగ్ అంటే ఆర్పివేయడం. క్లోరోఫారం, కార్బన్ టెట్రాక్లోరైడ్, నైట్రోమీథేన్ దీనికి పేరుపొందినవి. గాలినుంచి ద్రవంలో కరిగే ఆక్సిజను కూడా ఈ పనే చేస్తుంది. మనం కొలవదలచిన నీరు కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. నమూనాకు పసుపు రంగు ఉంటే నష్టం మరోవిధంగా వస్తుంది. అక్కడ మెరుపు పుడుతుంది గాని, ఆ ఊదా-నీలి కాంతిని రంగు మింగేస్తుంది. అది రంగు క్వెంచింగ్.

ఇక్కడ ఒక సందేహం రావాలి. క్వెంచింగ్ వల్ల మెరుపు మసకబారితే బారవచ్చు, మెరుపుల సంఖ్య ఎందుకు తగ్గాలి? జవాబు ఆ రెండు గొట్టాల నియమంలో ఉంది. ఒక ట్రిటియం మెరుపు ఒక్కో గొట్టంలో సగటున 2 ఎలక్ట్రానులను ఊడగొడుతుందనుకుందాం. సగటు 2 అయినా, ఒక్కటీ ఊడని సందర్భాలు నూటికి సుమారు 14 ఉంటాయి. అంటే ఒక గొట్టం నూటికి 86 మెరుపులను చూస్తుంది. రెండూ చూసేవి 0.86 × 0.86, అంటే నూటికి 74. క్వెంచింగ్ వల్ల కాంతి సగమై సగటు 1కి పడితే, ఒక గొట్టం చూసేవి నూటికి 63. రెండూ చూసేవి 0.63 × 0.63, అంటే నూటికి 40 మాత్రమే. మిగిలినవి జరిగాయి, కాని యంత్రానికి తెలియదు.

కర్బనం-14 సంగతి వేరు. దాని బీటా కణం సగటు శక్తి 49 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అదే లెక్కన ఒక్కో గొట్టానికి సగటున 17 ఎలక్ట్రానులు వస్తాయి. అవి సగానికి తగ్గినా దాదాపు ప్రతి మెరుపునూ రెండు గొట్టాలూ చూస్తాయి. అందుకే అదే మలినం ట్రిటియాన్ని బాగా దెబ్బతీస్తుంది, కర్బనాన్ని కొద్దిగానే తాకుతుంది. అయినా కర్బనం విషయంలో అశ్రద్ధ పనికిరాదు. పాత నీటి వయసును కర్బనం-14తో లెక్కకట్టేటప్పుడు నూటికి ఒక్కటి తక్కువ లెక్కపడినా వయసు సుమారు 80 ఏళ్లు పెరిగిపోతుంది.

ఒక లెక్క చేద్దాం

క్వెంచింగ్ పట్టించుకోకపోతే ఏమవుతుందో ఊహించిన అంకెలతో చూద్దాం. 60 సెంటీమీటర్ల లోతున గుర్తు పెట్టాం. వానల తరువాత మూడు పొరలనుంచి సమానంగా నీరు తీసి లెక్కపెట్టాం. సీసాలో నమూనా లేకపోయినా వచ్చే లెక్కను తీసివేశాక, నిమిషానికి వచ్చినవి ఇవి: 90 సెంటీమీటర్ల దగ్గర 400, 110 దగ్గర 600, 130 దగ్గర 450. చూడగానే గుర్తు 110 దగ్గర ఉందని, 50 సెంటీమీటర్లు దిగిందని అంటాం.

కాని మూడవ నమూనాను స్వేదనం చేసిన ఫ్లాస్కును ఎసిటోన్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వకుండా వాడారనుకోండి. సీసాను చూస్తే తేడా ఏమీ కనిపించదు. రంగు లేదు, అడుగున మడ్డి లేదు. మరి పట్టుకునేదెలా?

ప్రతి సీసాలోనూ నిమిషానికి సరిగ్గా 10,000 విచ్ఛిన్నాలు జరిగేంత ట్రిటియాన్ని కలిపి మళ్లీ లెక్కపెడతారు. ఎంత కలిపామో మనకు తెలుసు కాబట్టి, పెరిగిన లెక్కను బట్టి యంత్రం ఎంత శాతం చూడగలుగుతోందో తేలుతుంది. రెండవ సీసా లెక్క 600 నుంచి 3,100 అయింది. పెరిగింది 2,500. అంటే సామర్థ్యం 25 శాతం. మొదటి సీసా కూడా అంతే. మూడవది 450 నుంచి 1,950 మాత్రమే అయింది. పెరిగింది 1,500. సామర్థ్యం 15 శాతం!

ఇప్పుడు అసలు విచ్ఛిన్నాలు కట్టండి. మొదటిది 400 ÷ 0.25 = 1,600. రెండవది 600 ÷ 0.25 = 2,400. మూడవది 450 ÷ 0.15 = 3,000. శిఖరం 130 దగ్గరికి జరిగింది. గుర్తు దిగింది 50 కాదు, 70 సెంటీమీటర్లు. మట్టి ఘనపరిమాణంలో పదో వంతు తేమ ఉంటే, భూమిలోకి చేరిన నీరు 50 మిల్లీమీటర్లు కాదు, 70. ఈ 20 మిల్లీమీటర్ల తేడా 53 చదరపు కిలోమీటర్ల మీద 106 కోట్ల లీటర్లవుతుంది! అందుకే పరిశోధకులు ఒక్కచోట కొలిచి ఊరుకోరు. ఎన్నో చోట్ల కొలుస్తారు. ఒక్క శిఖరాన్నే కాక, అన్ని పొరల ట్రిటియాన్నీ కలిపి దాని కేంద్రం ఎక్కడుందో కూడా చూస్తారు.

సీసాలోనే ట్రిటియం కలిపే పద్ధతిలో ఒక లోపముంది. ఒకసారి కలిపాక ఆ నమూనా మళ్లీ పనికిరాదు. అందుకని చాలా యంత్రాలలో సీసా పక్కకు ఒక గామా కిరణ మూలకాన్ని కొద్దిసేపు తెస్తారు. గామా కిరణాలు ద్రవంలో ఎలక్ట్రానులను తరిమి మెరుపులు పుట్టిస్తాయి. క్వెంచింగ్ ఎక్కువైనకొద్దీ ఆ మెరుపులన్నీ మసకవైపు జరుగుతాయి. ఎంత జరిగితే సామర్థ్యం ఎంతో ముందుగానే పట్టిక వేసి ఉంచుతారు. ఒకే ట్రిటియం పోసిన సీసాలలో నైట్రోమీథేన్‌ను చుక్క చుక్కగా పెంచుతూ కొలిచి ఆ పట్టికను తయారుచేస్తారు. రసాయన క్వెంచింగ్‌కు వేసిన పట్టిక, రంగు బాగా ఉన్న నమూనాకు సరిపోదు.

చివరగా మీకొక లెక్క. ఒక సీసా నిమిషానికి 360 చూపింది. 10,000 విచ్ఛిన్నాల ట్రిటియం కలిపాక 2,160 చూపింది. అసలు నమూనాలో నిమిషానికి ఎన్ని విచ్ఛిన్నాలు జరుగుతున్నాయి? చేసి చూడండి. 2,000 వస్తే మీ లెక్క సరైనదే.