హార్మోనియం ప్రాణం రీడ్లలోనే

ఇంట్లో భజనకు హార్మోనియం కొనబోయేవాళ్ల చూపు ముందుగా పెట్టె పాలిష్ మీద, ఆ తర్వాత ముందువైపు నాబ్‌ల వరస మీద పడుతుంది. నాదం పుట్టే చోటు మాత్రం బయటికి కనిపించదు. పై కప్పు తీసి, మెట్ల అడుగున ఉన్న రీడ్ బోర్డును లేపితే ఇత్తడి రీడ్లు వరసగా కనిపిస్తాయి.

ఒక్కో రీడ్‌లో రెండే భాగాలు. సన్నని గాడి కోసిన ఇత్తడి పలక ఒకటి, ఆ గాడి మీద ఒక చివర రివెట్‌తో బిగించిన పల్చటి నాలుక మరొకటి. మెట్టు నొక్కగానే రంధ్రం తెరుచుకుంటుంది. గాడిలోంచి దూసుకుపోయే గాలి నాలుకను వంచుతుంది, అది తన బిగువుతో వెనక్కి వస్తుంది. ఈ కదలిక సెకనుకు వందల సార్లు జరిగితే మనకు స్వరం వినబడుతుంది. నాలుక పొడవైతే స్వరం మంద్రం, పొట్టిదైతే తారం. శ్రుతి చేసేవారు నాలుక కొన దగ్గర రవ్వంత గీకితే స్వరం పైకి పోతుంది, రివెట్ దగ్గర గీకితే కిందికి దిగుతుంది. గీకిన ఇత్తడి మళ్లీ రాదు కాబట్టి ఈ పనిని అనుభవం ఉన్న చేతికే అప్పగించాలి.

ఇలాంటి రీడ్లతో అలెగ్జాండర్ డెబైన్ 1840ల తొలినాళ్లలో పారిస్‌లో హార్మోనియంకు పేటెంటు పొందాడు. అది కుర్చీలో కూర్చుని, కాళ్లతో తొక్కుతూ, రెండు చేతులతో వాయించే పెద్ద వాద్యం. మన గాయకులు కూర్చునేది నేలమీద. 19వ శతాబ్దం చివరి పాదంలో కలకత్తాలో ద్వార్కిన్ సంస్థను నడిపిన ద్వారకానాథ్ ఘోష్ ఆ వాద్యాన్ని ఇక్కడి అవసరానికి తగినట్టు కుదించాడు. గాలితిత్తి వెనక్కి చేరింది. ఒక చేయి తిత్తిని ఆడిస్తే రెండో చేయి మెట్ల మీద నడుస్తుంది. హార్మోనియం తెలుగు పద్యనాటకాల వేదికకూ భజన మందిరాలకూ చేరింది.

దాని మీద అభ్యంతరాలూ వచ్చాయి. ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించి, 1971 దాకా సడలించలేదు. మెట్టు మీద గమకం పలకదన్నది ఒక కారణమైతే, స్వరస్థానాల తేడా మరొకటి. సా 277.2 కంపనాలనుకోండి. తంబురాలో సహజంగా వినిపించే అంతర గాంధారం సుమారు 346.5 కంపనాలు. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన హార్మోనియంలో అది 349 దాటుతుంది. పంచమంలో తేడా మాత్రం అర కంపనం కన్నా తక్కువే. అందుకే ఇంటి భజనలో హార్మోనియం సా–పా లను నిలిపి పాటకు ఆసరాగా ఉంటే చాలు. గమకం గొంతు చూసుకుంటుంది.

ఇక ఎంపిక. దుకాణాల్లో బాస్, మేల్, ఫిమేల్ అనే మూడు రీడ్ల వరసల పేర్లు వినిపిస్తాయి. ఇవి ఆడ, మగ గొంతులకు విడివిడిగా చేసినవి కావు, మూడు స్థాయిల పేర్లు. ఒకే మెట్టు మీద మేల్ కన్నా బాస్ ఒక స్థాయి కింద, ఫిమేల్ ఒక స్థాయి పైన పలుకుతాయి. ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. భర్త ఒకటిన్నర శ్రుతిలో, భార్య ఐదున్నరలో పాడతారు. వీరికి బాస్–మేల్ రెండు వరసలు సరిపోతాయి. బాస్ గొంతుకు నిండుదనమిస్తే, మేల్ స్వరాన్ని స్పష్టం చేస్తుంది. గుక్క తిప్పుకునే వేళ శ్రుతి ఆగకుండా ఉండటానికి నాబ్ లాగితే నిలిచి మోగే డ్రోన్లు కావాలి. ఒకటిన్నరకు సా, పా లు ఒకటిన్నర, ఐదున్నర నల్లమెట్లు. ఐదున్నరకు సా, పా లు ఐదున్నర, రెండున్నర నల్లమెట్లు. అంటే ఈ మూడు డ్రోన్లుంటే ఇద్దరి పాటా గడుస్తుంది. చాలా పెట్టెల్లో డ్రోన్లు నల్లమెట్ల స్వరాలకే ఉంటాయి కాబట్టి మీ శ్రుతి తెల్లమెట్టు మీద ఉంటే ముందే అడిగి చూసుకోవాలి.

మెట్ల వరసను పక్కకు జరిపి శ్రుతి మార్చే స్కేల్ చేంజర్ ఈ దంపతులకు అవసరం లేదు. రెండు చోట్ల నుంచి సరిగమలు వాయించడం నేర్చుకుంటే అయిపోతుంది. ఆ ఏర్పాటుతో బరువు, ధర, రిపేరు మూడూ పెరుగుతాయి. ఒక మెట్టు నొక్కితే పై స్థాయి మెట్టు కూడా దిగే కప్లర్‌దీ అదే సంగతి. ఆ డబ్బు మంచి రీడ్ల మీద పెట్టడం మేలు. గుజరాత్‌లోని పాలితాణా రీడ్లకు వాయించేవారిలో మంచి పేరుంది. అయితే పేరు విని ఊరుకోకుండా చెవితో పరీక్షించాలి.

ముందుగా తిత్తి. వెనక తిత్తి గాలిని లోపలికి నెడుతుంది. పెట్టె అడుగున స్ప్రింగులున్న మరో తిత్తి ఆ గాలిని దాచుకుని రీడ్లకు నిలకడగా అందిస్తుంది. నాబ్‌లు తెరిచి, డ్రోన్లు మాత్రం మూసి, మెట్లేవీ నొక్కకుండా గాలి నింపండి. బుస్సుమనే చప్పుడు గానీ, తనంతట తాను మోగే స్వరం గానీ ఉంటే ఎక్కడో మెట్టు కింది మూత సరిగా కూర్చోలేదన్నమాట. తర్వాత ఒకే వరస ఉంచి, ఒకే మెట్టు నొక్కి, గాలి నింపి చేయి తీసేయండి. స్వరం ఎంతసేపు నిలుస్తుందో రెండు మూడు పెట్టెల మీద పోల్చితే తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఆపై రీడ్లు. చాలా మెల్లగా గాలి ఇస్తూ ఎడమ చివరి నుంచి కుడి దాకా ఒక్కో మెట్టూ పలికించండి. మంద్రస్వరాలు కాస్త ఆలస్యం చేయడం సహజం. కానీ పక్క స్వరాల కన్నా బాగా వెనకబడేదీ, జీరపోయేదీ, తక్కువ గాలికి పలకనిదీ ఉంటే చెప్పి సరిచేయించుకోవాలి. చివరగా మధ్య సా, పై సా కలిపి నొక్కండి. రెండూ ఒకటై వినిపించాలి. ఊగుతూ అలలుగా వినిపిస్తే శ్రుతి కుదరలేదని అర్థం. ఇదే పరీక్ష బాస్, మేల్ వరసలు రెండూ తెరిచి ఒక్కో మెట్టు మీదా చేయాలి.

ఇంటికి తెచ్చాక దానికి పెద్ద శత్రువులు తేమ, దుమ్ము, ఎలుకలు. వానాకాలంలో కొయ్య ఉబ్బి మెట్లు పైకి లేవకపోతే గీకించకండి. గాలి ఆడే పొడి గదిలో కొన్నాళ్లు ఉంచితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. కోస్తా ఊళ్లలో పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వాటిని తరచూ మార్చాలి. దసరాకు పూజలో పెట్టినప్పుడు పసుపు, కుంకుమ మెట్ల మీద చల్లవద్దు. ఆ పొడి సందుల్లోంచి దిగి నాలుకకూ గాడికీ మధ్య చేరితే స్వరం జీరపోతుంది, లేదా మూగబోతుంది. బొట్టు పెట్టెకు పెడితే సరిపోతుంది. హారతి కర్పూరం, అగరుబత్తి కూడా దూరంగా ఉంచండి. వాద్యం నడిచేటప్పుడు ఆ పొగను తిత్తి లోపలికి పీలుస్తుంది.

ఉన్నట్టుండి ఒక స్వరం పలకకపోతే ఆ మెట్టు నొక్కి ఉంచి నాలుగైదుసార్లు బలంగా గాలి ఇవ్వండి. నలుసైతే సాధారణంగా ఎగిరిపోతుంది. అయినా పలకకపోతే పనివాడిని పిలవండి. రీడ్లకు నూనె, నీళ్లు ఎప్పుడూ తగలనివ్వకూడదు. నాబ్‌లన్నీ మూసి తిత్తిని బలంగా ఆడించకూడదు. వాయించడం ముగిశాక మెట్లు నొక్కి లోపలి గాలిని వదిలేసి, నాబ్‌లు మూసి, తిత్తికి కొక్కెం వేయండి.

కొనేటప్పుడు మీ ఇంట్లో ఎక్కువగా పాడేవారిని వెంట తీసుకెళ్లండి. వారి శ్రుతిలో వారు పాడుతుండగా విని, ఆ గొంతుకు ఒదిగిన పెట్టెనే ఇంటికి తెచ్చుకోండి.