ఏ గడువు ముగిసినట్టు?

జీవిత బీమా ఉన్న ఒకావిడకు కంపెనీ నుంచి తెలుగులో మూడు మెయిళ్లు వచ్చాయనుకుందాం. ఏడాది ప్రీమియానికి ‘జూన్ 10 గడువు’ అంటుంది మొదటిది. ఆ తేదీ దాటాక వచ్చిన రెండోది ‘ఇంకా 30 రోజుల గడువు ఉంది’ అంటుంది. పాలసీ ఎప్పుడు పూర్తవుతుందో చెప్పే మూడోదాంట్లో ‘గడువు ముగింపు’ అని ఉంటుంది. ముగ్గురు అనువాదకులు చేసిన పని. విడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. ఆ తర్వాత జూన్ 12న ‘గడువు ముగిసింది’ అని ఇంకో మెయిల్ వస్తే ఆవిడ ఏమనుకోవాలి? కట్టే వీలుండగానే పాలసీ పోయిందనుకుని ఊరుకుంటే నష్టపోయేది ఆవిడే.

ఇలా జరక్కుండా అనువాదకులు గ్లాసరీ పెట్టుకుంటారు. నిఘంటువు ఒక మాటకు ఉన్న అర్థాలన్నీ చెబుతుంది. గ్లాసరీ మాత్రం మన మెయిళ్లలో ఈ భావానికి ఈ మాటే వాడాలని తేల్చేస్తుంది. దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. OmegaT అనే ఉచిత అనువాద సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలు టెక్స్ట్ ఫైలే. వరుసకు మూడు గడులు, మధ్యలో ట్యాబ్:

```
due date	చెల్లింపు తేదీ	ప్రీమియం కట్టాల్సిన రోజు; "గడువు" వద్దు
grace period	అదనపు గడువు	ఆ తేదీ దాటాక ఇచ్చే రోజులు; పాలసీ అమల్లోనే ఉంటుంది
maturity date	మెచ్యూరిటీ తేదీ	పాలసీ పూర్తయ్యే రోజు; "గడువు ముగింపు" వద్దు
```

నా దృష్టిలో మూడో గడే అసలైనది. ఏ మాట వాడకూడదో రాయకపోతే కొత్తగా చేరినవాళ్లు అలవాటు కొద్దీ దాన్నే వాడతారు. అంకెలను మాత్రం ఇక్కడ రాయకూడదు. నెలనెలా కట్టేవాళ్లకు అదనపు గడువు 15 రోజులే కాబట్టి, ఆ సంఖ్యను ఎప్పటికప్పుడు మూలంలోంచే తీసుకోవాలి.

మెయిల్ పంపేముందు కంప్యూటర్‌తో సరిచూసుకునే చోట తెలుగుకు ఒక చిక్కుంది. గ్లాసరీలో ‘బీమా మొత్తం’ అని ఉంటుంది, వాక్యంలో అది ‘బీమా మొత్తాన్ని’, ‘బీమా మొత్తానికి’ అవుతుంది. అక్షరం అక్షరం పోల్చే తనిఖీ పదం లేదనేస్తుంది. ఇలాంటి తప్పుడు హెచ్చరికలు ఎక్కువైతే అనువాదకులు అసలు హెచ్చరికలనూ పట్టించుకోవడం మానేస్తారు. అందుకే విభక్తి చేరినా మారని ‘బీమా మొత్త’ వరకే వెతకమనాలి. వాడొద్దన్న మాటలనూ ఇలాగే వెతకొచ్చు గానీ, ‘గడువు’ దొరికిన ప్రతిచోటా ముందు ‘అదనపు’ ఉందో లేదో మనిషే చూడాలి.

మాట మార్చాలనుకుంటే ఆ నిర్ణయం ఒక్కరి చేతిలోనే ఉండాలి. మార్చిన రోజే మెయిల్ నమూనాలన్నిటిలోనూ మార్చాలి. పాత మాటను మాత్రం చెరిపేయకూడదు. మారిన తేదీ వేసి ‘ఇక వాడొద్దు’ అని ఉంచాలి, ఎందుకంటే పాత మెయిల్ చూసుకుని జవాబు రాసే ఖాతాదారు ఆ మాటే వాడతారు. అలాంటివారికి బదులిచ్చేటప్పుడు ‘మీరు గడువు అన్నది చెల్లింపు తేదీ గురించే’ అని మొదటి వాక్యంలోనే కలిపి చెప్పాలి.