నెల రోజులు ఇంటికి తాళమా? నల్లి కట్టేశారా మరి!

బళ్లారి: వేసవి సెలవులొస్తే చాలు, ఇక్కడి తెలుగు వీధుల్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. అనంతపురంలో అమ్మమ్మగారిల్లు, కర్నూలులో పెళ్లి, హైదరాబాదులో కూతురి కాన్పు.. ఏదో ఒక పని తగులుతుంది. పది రోజులని వెళ్లినవాళ్లు నెలకు గానీ తిరిగి రారు. కౌల్‌బజార్‌లో ఉండే ఒక రిటైర్డు టీచరమ్మ కూడా నిరుడు అలాగే కూతురి దగ్గరికి వెళ్లారు. తలుపులు రెండుసార్లు లాగి చూసుకున్నారు, బీరువా తాళంచెవి నడుముకు దోపుకున్నారు. దొంగలు రాలేదు. వచ్చింది నీళ్లు!

బయల్దేరిన రోజు పొద్దున నీళ్లు వస్తాయేమోనని ఆమె నల్లి తిప్పారు. చుక్క రాలేదు. తిప్పిన నల్లి తిప్పినట్టే ఉండిపోయింది. బళ్లారిలో నీళ్లు రోజూ రావన్న సంగతి మనకు తెలిసిందే. నాలుగో రోజు రాత్రి వదిలారు. నల్లి కింద తొట్టి నిండింది, పొంగింది, వంటింటి గడప దాటి సామాన్ల గదిలోకి పారింది. పొద్దున ఎదురింటి కన్నడ ఆవిడ ముగ్గు వేయడానికి వచ్చి, తలుపు కింద నుంచి నీళ్లు కారడం చూశారు. తాళంచెవి ఆమె దగ్గర లేదు. ఫోన్ చేస్తే ఇక్కడివాళ్లు హైదరాబాదులో. చివరికి తాళం పగలగొట్టించేసరికి మధ్యాహ్నమైంది. బియ్యం మూట, ట్రంకు పెట్టెలో అడుగున ఉన్న పెళ్లి చీరలు, ఆయన పింఛను కాగితాలు.. అన్నీ తడిసి ముద్దయ్యాయి.

ఈ ఏడు మళ్లీ నెల రోజులు వెళ్లాల్సి వచ్చింది. ఈసారి ఆమె ఒక చీటీ రాసుకున్నారు. ఆ చీటీ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే మేమూ వెంట తిరిగాం. మీకూ పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాం.

నీళ్లు: మూడు చోట్ల కట్టాలి

చాలామంది ఇంట్లో నల్లులు గట్టిగా బిగించి అయిపోయిందనుకుంటారు. కానీ మన ఇళ్లలో నీళ్ల దారి మూడు ముక్కలు. వీధి పైపు నుంచి సంపుకు ఒకటి, సంపు నుంచి మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు రెండోది, ట్యాంకు నుంచి ఇంట్లోకి మూడోది. మొదటిదాన్ని వీధి గేటు దగ్గర, మీటరు పక్కనున్న వాల్వు దగ్గరే కట్టేయాలి. సంపులో బంతి వాల్వు ఉంది కదా, నిండితే అదే ఆగుతుందిలే అని వదిలేయొద్దు. పాచి పట్టో, ఉప్పు పేరుకునో ఆ బంతి ఒక్కోసారి లేవదు. అలా లేవకపోతే సంపు పొంగి పునాది పక్కకు నీళ్లు పోతాయి.

రెండోది మోటారు. స్విచ్చి ఆపడంతో సరిపెట్టక, దాని ఫ్యూజు లేదా ఎంసీబీ కూడా దించాలి. నీళ్ల మట్టం చూసి తానే ఆన్ అయ్యే రకం మోటారయితే ఇది మరీ ముఖ్యం. మూడోది ట్యాంకు కింద ఉండే గేటు వాల్వు. దాన్ని మూసి, ఇంట్లో ఒక నల్లి తిప్పి పైపులోని నీళ్లు పోనివ్వాలి. ధార సన్నబడి ఆగిపోతే వాల్వు సరిగ్గా మూసుకున్నట్టు. సన్నగా కారుతూనే ఉంటే వాల్వు అరిగిందని అర్థం. అప్పుడు ట్యాంకు ఖాళీ చేసి వెళ్లడమే మేలు. చూడటం అయ్యాక, తిప్పిన ఆ నల్లి మళ్లీ కట్టేయడం మర్చిపోకూడదు. నిరుడు కొంప ముంచింది అదే!

బక్కెట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి బోర్లించండి. మూత సరిగ్గా లేని నీళ్లలో వారం పది రోజుల్లో డెంగీ దోమ పుడుతుంది. సంపు మూత సందు లేకుండా పడాలి. ఇంకో చిన్న పని ఉంది. స్నానాల గదిలో నీళ్లు పోయే జాలీ కింద ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. మురుగు వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆపేది ఆ నీరే. బళ్లారి ఎండకు అది నెలలో ఆవిరైపోతుంది. అందుకే చివర్న ఒక చెంబు నీళ్లు, వాటి మీద రెండు చెంచాల వంటనూనె పోయాలి. నూనె తేలి ఉంటే నీరు త్వరగా ఆరదు. జాలీ మీద ప్లాస్టిక్ కాగితం పరిచి రాయి పెడితే ఇంకా మంచిది.

గ్యాసు: మూత ఎక్కడుందో వెతకండి

"రెగ్యులేటరు ఆపితే చాలదా?" అని టీచరమ్మ భర్త అడిగారు. ఒక రాత్రికైతే చాలు, నెలకు చాలదు. రెగ్యులేటరు సిలిండరు మీదే ఉంటే వాల్వుకు మూత పెట్టడం కుదరదు. ముందు పొయ్యి నాబులు కట్టి, రెగ్యులేటరు ఆఫ్ చేసి, దాన్ని ఊడదీయాలి. తర్వాత సిలిండరుకు దారంతో వేలాడే తెల్ల మూతను టక్ మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. ఆ మూత పారేసుకున్నవాళ్లు ఊరికి వెళ్లేముందే ఏజెన్సీ కుర్రాణ్ని అడిగి తెచ్చుకోండి. నిండు సిలిండరు ఇంకోటి ఉంటే దానికీ మూత ఉండాలి. రెండూ నిలువుగానే నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు.

తిరిగొచ్చిన రోజు జాగ్రత్త ఇంకా ముఖ్యం. వంటగ్యాసు గాలి కన్నా బరువు. కారితే నేల మీదే పరుచుకుని ఉంటుంది. తలుపు తీయగానే వాసన తగిలితే లైటు వేయొద్దు, ఫ్యాను వేయొద్దు, ఆన్‌లో ఉన్న స్విచ్చిని ఆపనూ వద్దు. కిటికీలు, తలుపులు బార్లా తీసి బయటికి వచ్చి, అక్కణ్నుంచి 1906కి ఫోన్ చేయండి. వాసన లేకపోయినా రెగ్యులేటరు బిగించాక ట్యూబు మీద, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు వస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఫ్రిజ్జు, వంటిల్లు

నెల రోజులకు ఫ్రిజ్జు ఖాళీ చేసి ఆపేయడమే సులువు. వెళ్లే ముందు రోజు రాత్రే ఆపి, ఐసు కరిగాక పొడిగుడ్డతో తుడిచి, తలుపు మూసుకోకుండా సందులో మడత గుడ్డ పెట్టాలి. తలుపు మూసేస్తే లోపలి తేమకు బూజు పట్టి, ఆ వాసన వారమైనా పోదు. మందులో, మరొకటో ఉండి ఆపడం కుదరనివాళ్లు ఒక గ్లాసు నీళ్లు గడ్డ కట్టించి దాని మీద రూపాయి బిళ్ల పెట్టండి. వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే మధ్యలో కరెంటు చాలాసేపు పోయి ఐసు కరిగినట్టు. అప్పుడు లోపలున్నవి పారేయాల్సిందే.

మెయిన్ దించి వెళ్లేవాళ్లు ఇన్వర్టరునూ ఆపాలి. అది ఆన్‌లో ఉంటే కరెంటు పోయిందనుకుని బ్యాటరీని పీల్చేస్తుంది. అలా ఒట్టిపోయి వారాలుంటే బ్యాటరీ మళ్లీ కోలుకోదు.

ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, ఇడ్లీ పిండి, పెరుగు ఎవరికైనా ఇచ్చేయండి. రవ్వ, శనగపిండి నెలలో పురుగు పడతాయి. బియ్యాన్ని ఎండిన వేపాకు వేసి మూత గట్టిగా పడే డబ్బాకు ఎత్తండి. కొత్త ఆవకాయ విషయంలో టీచరమ్మది అనుభవం మీద వచ్చిన మాట: "మూడో రోజు కలపాల, నూనె పైకి తేలిందో లేదో చూడాల. చూసే దిక్కు లేనప్పుడు ఊరికి పోయే వారంలో జాడీ పెట్టొద్దు."

బంగారం, కాగితాలు

నగలను బ్యాంకు లాకరులో పెట్టడం వారం ముందే అవ్వాలి. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులుండవు. ఒక్కో నగను ఫోటో తీసి పెట్టుకోండి. లాకరులో ఏముందో బ్యాంకు దగ్గర లెక్క ఉండదు. 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు వంద రెట్లు. అద్దె 2 వేలయితే 2 లక్షలన్నమాట. ఇంటి పత్రాలు, పింఛను కాగితాలు నేల మీది ట్రంకులో కాక, బీరువా పై అరలో ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనక దాచడం దొంగలకు తెలియని రహస్యమేమీ కాదు.

అనంతపురం చుట్టాలు "పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో పెట్టండి, కెమెరా బిగిస్తారు" అంటారు. అది ఆంధ్ర పోలీసులది, మన ఇంటికి రాదు. ఇక్కడ మన స్టేషనుకు వెళ్లి, చిరునామా, తేదీలు, మన నంబరు రాసిచ్చి బీటు పోలీసుకు చెప్పమని అడగాలి. ప్రయాణం ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మాత్రం తిరిగొచ్చాక చేసుకోవచ్చు.

ఎదురింటి చేతిలో తాళంచెవి

చీటీలో చివరి మాట ఇదే, కానీ నిరుడు నష్టం ముదిరింది దీనివల్లే. తాళంచెవి ఇవ్వడమొక్కటే నమ్మకం కాదు, తెరిచే అనుమతి కూడా ఇవ్వాలి. టీచరమ్మ ఎదురింటావిడతో మా ముందే అన్నారు: "అక్కా, నీళ్లు కారినా, వాసనొచ్చినా నాకు ఫోన్ చేసి కాచుకోవద్దు. ముందు తెరువు, తర్వాత చెప్పు." తెరవాల్సింది వీధి తలుపు, వంటిల్లు. బీరువా, పడగ్గది తాళాలు వేరే. ఆ మాట కూడా దాచకుండా చెప్పేస్తే ఇద్దరికీ మొహమాటం ఉండదు.

ఆమె వారానికోసారి చేయాల్సినవి నాలుగే: గేటులో పడిన కరపత్రాలు తీయడం, తులసికి నీళ్లు, సంపు వాల్వు వైపు ఒక చూపు, వాకిట్లో ముగ్గు. ముగ్గు వారానికోసారి అన్నా ఆమె ఒప్పుకోలేదు, తన వాకిలితో పాటు రోజూ వేస్తానన్నారు. ముగ్గు లేని వాకిలి, పోగైన పాల ప్యాకెట్లు, పేపర్లే ఇల్లు ఖాళీ అని వీధికి చాటేవి. పాలు, పేపరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వద్దో ముందే చెప్పి ఆపించాలి.

ప్లంబరు, ఎలక్ట్రీషియను, కూతురి ఫోన్ నంబర్లు, ఏ వాల్వు ఎక్కడుందో అన్నీ ఒక కాగితం మీద రాశారు. రాసి, ఎదురింటావిడ చేతికిచ్చాక గుర్తొచ్చింది, ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదని. కాగితం వెనక్కి తీసుకుని, ఇంకో వైపు అంతా కన్నడలో రాసిచ్చారు. వీధి గేటు దగ్గరి వాల్వును చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించారు, ఒకసారి ఆమె చేతే తిప్పించారు. ఆ తర్వాతే ఆటో ఎక్కారు.