తాబేలు గుర్తు వెలగక ముందే

విద్యుత్ కారులో చార్జి అడుగంటడం మూడు దశల్లో జరుగుతుంది. మొదట డ్యాష్‌బోర్డుపై పసుపు హెచ్చరిక వస్తుంది. చాలా మోడళ్లలో ఇది 20 శాతం దగ్గర, కొన్నింటిలో ఇంకా కిందికి దిగాక కనిపిస్తుంది. తర్వాత కారు తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. నిస్సాన్ లీఫ్ లాంటి కార్లలో అప్పుడు తాబేలు బొమ్మ వెలుగుతుంది. ఆఖరున కారు నిలిచిపోతుంది. డ్రైవరు చేతిలో నిజంగా ఏమైనా ఉండేది మొదటి దశలోనే.

శక్తి తగ్గడం చెడిపోయిన లక్షణం కాదు, బ్యాటరీ తనను తాను కాపాడుకునే తీరు. బ్యాటరీలో పదుల కొద్దీ సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. చార్జి అడుగంటినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే సెల్ వోల్టేజీ జారిపోతుంది. అన్నిటిలోకీ బలహీనమైన సెల్ ముందుగా ప్రమాద స్థాయికి చేరుతుంది. అంతకన్నా కిందికి దిగితే ఆ సెల్ శాశ్వతంగా పాడవుతుంది. అందుకే బ్యాటరీని కాచుకునే కంప్యూటరు మోటారుకిచ్చే కరెంటుకు కళ్లెం వేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వేగం పెరగదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తుంది, ఏసీ చల్లదనం తగ్గవచ్చు. ఈ స్థితిలో లారీని దాటబోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

తెరపై కనిపించే కిలోమీటర్ల అంకె కొలత కాదు, అంచనా. ఇటీవల బండి నడిపిన తీరును బట్టి కంప్యూటరు ఆ లెక్క కడుతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగి హైవే ఎక్కితే, నడిచిన దూరం కన్నా వేగంగా ఆ అంకె తరిగిపోతుంది. ఎల్ఎఫ్‌పీ బ్యాటరీలతో మరో చిక్కు ఉంది. చార్జి చాలా మేరకు తగ్గినా వాటి వోల్టేజీ పెద్దగా మారదు కాబట్టి శాతం లెక్క తప్పే అవకాశం ఎక్కువ. అప్పుడప్పుడూ 100 శాతం దాకా చార్జి చేయకపోతే చివర్లో శాతం ఉన్నట్టుండి పడిపోవచ్చు. ‘సున్నా తర్వాత కూడా కొంత మిగులుతుందట’ అన్న మాటను నమ్ముకోవడం అందుకే మంచిది కాదు.

హైదరాబాద్–విజయవాడ దారిలో సూర్యాపేట దాటుతున్న కారును తీసుకుందాం. బ్యాటరీ 30 యూనిట్లది, మిగిలింది 18 శాతం, అంటే 5.4 యూనిట్లు. కోదాడ దాదాపు 45 కిలోమీటర్లు. గంటకు 80–90 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకు 150 వాట్ అవర్లు ఖర్చవుతాయనుకుంటే ఈ చార్జి 36 కిలోమీటర్లకే సరి. వేగం 60కి తగ్గిస్తే గాలి నిరోధం సగానికి దగ్గరగా పడిపోతుంది. ఖర్చు 110కి దిగితే 49 కిలోమీటర్లు వస్తాయి. కాగితం మీద చాలినట్టే ఉంది, కానీ ఎదురుగాలి వీచినా, కోదాడలో చార్జర్ పనిచేయకపోయినా ఆ నాలుగు కిలోమీటర్ల మిగులు ఎటూ చాలదు. వేసవిలో ఏసీ కిలోవాట్ వాడుకుంటే 60 వేగంలో కిలోమీటరుకు మరో 17 వాట్ అవర్లు పోతాయి. అప్పుడు కోదాడ చేరడమే కష్టం.

కాబట్టి సూర్యాపేటలోనే ఆగాలి. ఫాస్ట్ చార్జర్ దొరక్కపోతే వైరింగ్ గట్టిగా ఉన్న ధాబాలోనో హోటల్లోనో 15 ఆంప్స్ ప్లగ్‌కు కారుతో వచ్చిన కేబుల్ తగిలిస్తే గంటలో దాదాపు 3 యూనిట్లు ఎక్కుతాయి. భోజనం ముగిసేలోగా 20 కిలోమీటర్ల దూరం చేతికొస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దు, వేడెక్కి కాలిపోవచ్చు. కోదాడలో ఆగే ఉద్దేశం ఉన్నా, బయల్దేరే ముందే అక్కడి చార్జర్ పనిచేస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. దానికి తోడు మరొకటి కూడా చూసిపెట్టుకోవాలి.

తాబేలు వెలిగాక గమ్యం సంగతి మరచి, వెలుతురున్న బంకు, ధాబా, సర్వీసు రోడ్డు, ఏది ముందొస్తే అక్కడికి మళ్లాలి. హజార్డ్ లైట్లు వేసి ఎడమ వరుసలో సాగాలి. వంతెన మీదో మలుపులోనో ఆగే పరిస్థితి రానీయకూడదు. పెద్ద బ్యాటరీ ఆగిపోయాక లైట్లు, తలుపుల తాళాలు, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తాయి. అదీ చివరికి ఖాళీ అవుతుంది. అందుకే సాయం కోసం వెంటనే ఫోన్ చేయాలి. జాతీయ రహదారిపై హెల్ప్‌లైన్ 1033. వచ్చినవాళ్లు కారును తాడుకట్టి లాగబోతే ఒప్పుకోకూడదు. మోటారు బిగించిన చక్రాలు నేలమీద దొర్లితే అది కరెంటు పుట్టించి నష్టం కలిగించవచ్చు. ఫ్లాట్‌బెడ్ లారీపైకి ఎక్కించి తీసుకెళ్లమనడమే సరైన పద్ధతి.